మనకి నచ్చినవే మెచ్చుకునే విమర్శకుడితో ఏం పని?

సినిమా పాడ్‌కాస్టులు, రివ్యూ ఛానెళ్లు ఎలా ఎంచుకుంటారని అడిగితే చాలామంది ఒకే మాట చెబుతారు. “అతని టేస్టు నా టేస్టుకి దగ్గరగా ఉంటుంది. అతను బాగుందంటే నాకూ నచ్చుతుంది.” వినడానికి సబబుగానే ఉంటుంది. వారాంతంలో ఏ సినిమాకి వెళ్లాలో తేల్చుకోవడానికి అది చాలు కూడా. కానీ మనం పేరైనా వినని సినిమా మన దాకా రావాలంటే ఇంతకంటే పనికిరాని పద్ధతి లేదు. మనకి నచ్చినవే అతనికీ నచ్చుతాయి, మనం విసుక్కునేవే అతనూ విసుక్కుంటాడు అంటే, అతను చెప్పేవాటిలో ఎక్కువ భాగం మనం ఎలాగూ చూసే సినిమాలే. మిగిలినవి మనం ఎలాగూ వదిలేసేవి. మధ్యలో అతను చేసిన పని మన తీర్పుకి తల ఊపడమే.

నేను నమ్మే గొంతుకి నా కొలత వేరు. అతను చెప్పింది మొత్తం విన్నాక, అతని తీర్పుని పక్కన పెట్టేసి, ఆ సినిమా నాకు పడుతుందో లేదో నేనే తేల్చుకోగలిగితే అతను నమ్మకస్తుడు. తేల్చుకోలేకపోతే, ఎంత బాగా మాట్లాడినా, ఎన్ని లక్షల మంది వింటున్నా, ఆ విషయంలో నాకు పనికిరాడు.

ఒక సినిమా తీసుకుని చూద్దాం. బెల్జియం దర్శకురాలు షాంతాల్ ఆకెర్మాన్ 1975లో తీసిన “జాన్ డీల్మాన్, 23, కే ద్యు కొమెర్స్, 1080 బ్రసెల్స్”. ఆ పొడుగాటి పేరు కథానాయిక పేరు, ఆమె ఇంటి అడ్రసు, అంతే. బ్రిటన్ పత్రిక సైట్ అండ్ సౌండ్ 1952 నుంచి పదేళ్లకొకసారి విమర్శకుల్ని అడిగి గొప్ప సినిమాల జాబితా వేస్తుంది. 2022లో అందులో మొదటి స్థానం ఈ సినిమాకే వచ్చింది. ఒక స్త్రీ తీసిన సినిమా ఆ స్థానానికి రావడం అదే మొదలు. ఆ వారం ప్రపంచంలో సినిమా మీద మైకు ఉన్నవాళ్లందరూ దీని గురించి మాట్లాడారు. కాబట్టి గొంతుల్ని పోల్చి చూసుకోవడానికి ఇంతకంటే అనువైన సినిమా దొరకదు.

ఒక రకం వాళ్లు ఏమంటారంటే: “మూడు గంటల ఇరవై నిమిషాలు ఒకావిడ బంగాళాదుంపలు తొక్కు తీస్తూ ఉంటుంది. దీన్నా నంబర్ వన్ చేశారు?” రెండో రకం: “ఇది మాస్టర్‌పీస్. స్త్రీ శ్రమని తెర మీదకి తెచ్చిన మహత్తర కావ్యం. చూడకపోతే మీకు సినిమా తెలియనట్టే.” ఈ రెండూ ఎదురెదురు అభిప్రాయాల్లా కనిపిస్తాయి గానీ, వినేవాడికి రెండూ ఒకటే. మొదటివాడు అన్నదానిలో అబద్ధం లేదు. రెండోవాడు అన్నదాన్నీ కాదనలేం. అయినా ఆ రాత్రి 201 నిమిషాలు దీని ముందు కూర్చోవాలా వద్దా అన్నది మాత్రం ఇద్దరి మాటల్లోంచీ తేలదు.

మూడో రకం ఉంటారు. వాళ్లు తీర్పు జోలికి పోకుండా ముందు తెర మీద ఏముందో చెబుతారు. కెమెరా కదలదు. ఎదురుగా, కాస్త తక్కువ ఎత్తులో నిలబడి చూస్తుంటుంది. నేపథ్య సంగీతం లేదు. భర్త పోయిన ఒకావిడ, ఆమె కొడుకు, మూడు రోజులు. వంట, గిన్నెలు, బజారు, గదిలోంచి బయటికి వచ్చినప్పుడల్లా లైటు ఆర్పడం. మధ్యాహ్నం ఒక మగవాడు వస్తాడు, వెళ్తూ డబ్బిస్తాడు, ఆమె ఆ డబ్బు భోజనాల బల్ల మీది సూప్ గిన్నెలో వేసి మూత పెడుతుంది. మొదటి రోజు ఈ పనులన్నీ ఎంత క్రమంగా జరుగుతాయో మనకి అలవాటు చేస్తారు. రెండో రోజు ఆ మగవాడు వెళ్లాక ఆమె జుట్టు కాస్త చెదిరి ఉంటుంది. గిన్నె మీద మూత పెట్టడం మర్చిపోతుంది. బంగాళాదుంపలు పొయ్యి మీద ఎక్కువసేపు ఉండిపోయి పాడవుతాయి. ఆ బంగాళాదుంపల గిన్నె చేత్తో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తోచక ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంది. మళ్లీ కొనుక్కొచ్చి, మళ్లీ కూర్చుని తొక్కు తీస్తుంది.

ఇక్కడ ఆగి ఆ మూడోవాళ్లు ఒక్క మాట కలుపుతారు: ఈ సినిమాలో థ్రిల్లర్ అంతా ఆ మూతలో ఉంది. మొదటి రోజు ఓపిగ్గా చూసినవాళ్లకి రెండో రోజు మూత లేని గిన్నె చూస్తే టెన్షన్ పుడుతుంది. ఫోన్ చూసుకుంటూ చూసినవాళ్లకి ఏమీ పుట్టదు.

ఇంత విన్నాక నాకు అతని రేటింగు అక్కర్లేదు. ఇలాంటి చిన్న తేడాల్ని పట్టుకోవడంలో సరదా ఉన్నవాళ్లు ఈ సినిమా వెతుక్కుంటారు. లేనివాళ్లు “గొప్పదే కానీ నాకొద్దు” అని నిశ్చింతగా వదిలేస్తారు. ఆ మూడోవాడికి సినిమా నచ్చలేదనుకోండి. అయినా ఇదంతా చెప్పి, “నాకు మాత్రం రెండో గంటకే ఓపిక అయిపోయింది” అన్నాడనుకోండి. అప్పుడూ అతను నాకు ఒక సినిమా ఇచ్చినట్టే. (మూడో రోజు ఏమవుతుందో నేను చెప్పను. చెప్పకుండానే ఇంత మాట్లాడొచ్చని చూపించడానికే ఈ ఉదాహరణ. స్పాయిలర్లు లేకుండా వివరంగా చెప్పడం కుదరదనేవాళ్లు కథని తప్ప దేన్నీ గమనించనివాళ్లు.)

దీన్నుంచి ఒక తమాషా లాభం వస్తుంది. నాతో ఎప్పుడూ ఏకీభవించని గొంతులు నాకు బాగా ఉపయోగపడతాయి, వాళ్ల తేడా ఎప్పుడూ ఒకే వైపు ఉంటే చాలు. నెమ్మదిగా సాగే సినిమా అంటే ఒళ్లు మండే విమర్శకుడొకడు ఉన్నాడనుకుందాం. అతను నిజాయితీగా, “గంటసేపు ఏమీ జరగదు, ఒక ముసలాయన రైలు కోసం చూస్తూ కూర్చుంటాడు” అని తిడితే, ఆ ముసలాయన్ని చూడాలని నాకు అప్పుడే మనసవుతుంది. అతని తిట్టే నాకు సిఫార్సు. అదే మనిషి ఒకసారి ల్యాగ్ అని తిట్టి, ఇంకోసారి అదే వేగాన్ని కవిత్వం అన్నాడంటే, దర్శకుడి పేరుని బట్టి మాట మారుస్తున్నాడని అర్థం. అక్కడితో చెల్లు.

ఇక పాడ్‌కాస్టు మేలా, వీడియో మేలా అన్న ప్రశ్న. వీడియోలో షాట్ చూపించొచ్చు కాబట్టి అదే ఎక్కువ నమ్మదగిందని అనిపిస్తుంది. కొంతవరకు నిజమే. టోనీ జౌ, టేలర్ రామోస్ 2014లో మొదలుపెట్టిన “ఎవ్రీ ఫ్రేమ్ ఎ పెయింటింగ్” ఛానెల్ చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. జపాన్ దర్శకుడు కురొసావా సినిమాల్లో కదలిక గురించి వాళ్లు చేసిన వీడియోలో వాన, గాలి, గుంపు, ఒక్క మనిషి నడక ఎలా పనిచేస్తాయో చెప్పి ఊరుకోరు, కళ్ల ముందు పెడతారు. మనం ఒప్పుకోకపోతే అదే క్లిప్ మళ్లీ చూసి వాదించొచ్చు. రుజువు అక్కడే ఉంటుంది.

కానీ 2017 డిసెంబరులో ఛానెల్ ఆపేస్తున్నామని చెబుతూ వాళ్లు రాసిన వ్యాసంలో ఒక సంగతి బయటపెట్టారు. తమ స్టైల్ అని జనం మెచ్చుకున్నదాంట్లో చాలా భాగం యూట్యూబ్ కాపీరైట్ పద్ధతిని దాటుకోవడానికి పుట్టినదేనట. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు ఉంది. వీడియో ఎక్కించగానే దాన్ని హక్కుదారులు ముందే ఇచ్చి ఉంచిన సినిమాలతో పోల్చి చూస్తుంది. కలిసిందంటే యాడ్ డబ్బులు హక్కుదారుకి పోవచ్చు, లేదా వీడియోనే ఆగిపోవచ్చు. ఆ పట్టు తప్పించుకోవాలంటే క్లిప్పులు చిన్నవి కావాలి, ఎక్కువసేపు ఆగకుండా కట్ చేస్తూ పోవాలి.

ఇప్పుడు ఆకెర్మాన్ సినిమా దగ్గరికి రండి. ఆ బంగాళాదుంపల షాట్ విలువంతా దాని నిడివిలో ఉంది. నాలుగు సెకన్లు చూపించి కట్ చేస్తే అది ఆ షాట్ కాదు. అంటే వీడియో ఛానెల్ ఎంత నిజాయితీగా ఉన్నా, అది ఉన్న చోటే కొన్ని రకాల సినిమాల వైపు మొగ్గేలా చేస్తుంది. వేగమైన కట్లు, రంగులు, కెమెరా విన్యాసాలు, పక్కపక్కన పెట్టి పోల్చగల ఫ్రేములు ఉన్న సినిమాలు అక్కడ బాగా రాణిస్తాయి. లాంగ్ టేకులు, మాటల మధ్య మౌనం, నటుడు గది అవతలి మూల నుంచి ఇవతలికి రావడానికి తీసుకునే సమయం, ఇవి రాణించవు. నాలుగైదు వీడియో ఛానెళ్ల మీదే ఆధారపడి సినిమాలు ఎంచుకునేవాళ్ల జాబితాల్లో ఒకే పది మంది దర్శకులు తిరగడానికి ఇదొక కారణమని నా నమ్మకం. టేస్టు సంగతి అటుంచితే, అంతకుముందే ఈ వడపోత ఒకటి జరిగిపోతోంది.

పాడ్‌కాస్టుకి చూపించే వీలు లేదు, కాబట్టి వర్ణించక తప్పదు. ఆ ఇబ్బందే దాని బలం. అది కూడా మాట్లాడేవాళ్ల క్రమశిక్షణని బట్టి ఉంటుంది. ముగ్గురు స్నేహితులు కూర్చుని నవ్వుకుంటూ రెండు గంటలు గడిపే షోలు బోలెడు. వాటిలో సినిమా ఒక సాకు. అందుకే నేను మనుషుల కంటే ముందు షో పద్ధతి చూస్తాను.

“బ్లాంక్ చెక్” అనే షో ఒక దర్శకుణ్ణి పట్టుకుంటే మొదటి సినిమా నుంచి చివరిదాకా వరసగా, సినిమాకో ఎపిసోడ్ చొప్పున మాట్లాడుతుంది. తొలి విజయం తర్వాత స్టూడియోలు ఖాళీ చెక్కు ఇచ్చినట్టు ఏది కావాలంటే అది తీసుకోమన్న దర్శకుల కోసం పెట్టిన షో అది. వరసగా వెళ్లాలన్న నియమం పెట్టుకున్నారు కాబట్టి, ఆ దర్శకుడి ఆడని సినిమా గురించీ, అందరూ మర్చిపోయిన సినిమా గురించీ అంతే సేపు మాట్లాడక తప్పదు. నాకు కొత్త సినిమాలు దొరికేది సరిగ్గా ఆ మధ్య ఎపిసోడ్లలోనే. 2005 నుంచి నడుస్తున్న “ఫిల్మ్‌స్పాటింగ్”లో మారథాన్ అనే ఏర్పాటు ఉంది. హోస్టులు తాము ఇంతవరకు చూడని పాత సినిమాల్ని ఒక దర్శకుడి పేరు మీదో, ఒక ధోరణి పేరు మీదో పెట్టుకుని వరసగా చూసి మాట్లాడతారు. క్లాసిక్ అన్న పేరుకి తలొగ్గాలా, తమకి విసుగొచ్చిందని చెప్పాలా అని వాళ్లు మైకు ముందే తేల్చుకుంటుంటే వినడం, పండిపోయిన పండితుడి ఉపన్యాసం కంటే నాకు ఎక్కువ పనికొస్తుంది.

సినిమా చరిత్ర చెప్పే షోలకి ఇంకో కొలత కావాలి. అక్కడ టేస్టుతో పని లేదు, ఆధారంతోనే పని. పాత హాలీవుడ్ గురించి పుకార్లు వినసొంపుగా ఉంటాయి, కాబట్టి వాటికి గిరాకీ ఎక్కువ. కరీనా లాంగ్‌వర్త్ 2014 నుంచి చేస్తున్న “యూ మస్ట్ రిమెంబర్ దిస్”లో 2018లో ఒక సిరీస్ వచ్చింది. కెనెత్ ఆంగర్ రాసిన “హాలీవుడ్ బాబిలాన్” పుస్తకంలోని స్కాండల్ కథల్ని ఒక్కొక్కటిగా తీసుకుని, అందులో నిజమెంత, కట్టుకథ ఎంత అని పరిశీలించింది. వినేవాళ్లని ఆకట్టుకునే కథని చేతులారా పాడుచేసుకునే ధైర్యం ఉన్న మనిషి కనుక, ఆమె చెప్పే మామూలు విషయాలు కూడా నేను నమ్ముతాను. చరిత్ర చెప్పేవాళ్లు “అంటారు”, “టాక్ ఏంటంటే” అని దాటేస్తున్నారా, ఫలానా పుస్తకం, ఫలానా ఇంటర్వ్యూ అని చెబుతున్నారా అని చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

కొత్త గొంతు ఒకటి దొరికితే నేను దాని తాజా ఎపిసోడ్‌తో మొదలుపెట్టను. బాగా తెలిసిన సినిమాల మీద ఆ మనిషి ఏమన్నాడో వెతుకుతాను. నాకు ప్రాణమైన సినిమా ఒకటి, అస్సలు పడనిది ఒకటి, ఇప్పటికీ ఏమనుకోవాలో తేలనిది ఒకటి. ఆ మూడోది ముఖ్యం, ఎందుకంటే దాని విషయంలో నాకు పట్టుదల లేదు కాబట్టి బుద్ధిగా వింటాను. అతను నాతో ఏకీభవించాడా అన్నది చూడను. అతను చెబుతున్న సినిమా నేను చూసిన సినిమాయేనా అన్నది చూస్తాను.

చూడకుండా, లేదా సగం చూసి మాట్లాడేవాళ్లు చాలా తేలిగ్గా దొరికిపోతారు. వివరాలన్నీ మొదటి అరగంటలోవీ, క్లైమాక్స్‌లోవీ అయి ఉంటాయి, మధ్యలో గంటసేపు “పాత్రల మధ్య ఎమోషన్ బాగా పండింది” అన్న ఒక్క ముక్కతో గడిచిపోతుంది. ఇంకో ఆనవాలు పాత్రల పేర్లు. సినిమాలో ఎవరూ పైకి పలకని పేర్లు కొన్ని ఉంటాయి, టైటిల్స్‌లోనో వికీపీడియా కథాసారాంశంలోనో మాత్రమే కనిపిస్తాయి. ఆ పేర్లు గడగడా చెబుతూ, కథని సరిగ్గా ఆ సారాంశం వరసలోనే చెబుతున్నాడంటే, ఆ ఎపిసోడ్ ఎక్కణ్ణుంచి తయారైందో అడగక్కర్లేదు. నేపథ్య సంగీతమే లేని సినిమాకి బీజీఎం అదిరిందన్న రివ్యూలు కూడా ఉంటాయి. వాటి మీద కోపం కూడా రాదు.

ఛానెల్ వీడియోల జాబితాని పైనుంచి కిందికి ఒకసారి జరిపి చూడటం కూడా నాకు అలవాటు. రిలీజ్ వారం సినిమాలే ఉన్నాయా, పదేళ్లు దాటినవి ఏమైనా ఉన్నాయా, ఎన్ని భాషలు కనిపిస్తున్నాయి. రిలీజ్ రోజున వెతికేవాళ్లు ఎక్కువ కాబట్టి వ్యూస్ అప్పుడే వస్తాయి, ఛానెల్ నడవాలంటే ఆ సినిమాల మీదే వీడియోలు చేయాలి. దాన్ని నేను తప్పు పట్టను, వాళ్ల పొట్ట గడవాలి. కానీ పాత సినిమా మీద, వ్యూస్ రావని తెలిసీ చేసిన వీడియో ఏదైనా ఉంటే ముందు అది చూస్తాను. లెక్క చూసుకోకుండా మాట్లాడినప్పుడు మనిషి ఎలా ఉంటాడో అందులో తెలుస్తుంది.

డబ్బు సంగతికి వస్తే, స్పాన్సర్ ఉండటం నేరం కాదు. పరుపుల కంపెనీ స్పాన్సర్ చేస్తే సినిమా మీద తీర్పు మారదు. సినిమా తీసినవాళ్లే స్పాన్సర్ అయితే మారుతుంది. యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ అన్న గుర్తు వీడియో మొదట్లో కొన్ని సెకన్లు కనిపిస్తుంది, కానీ ఆ డబ్బా టిక్ చేయాల్సింది వీడియో పెట్టినవాడే. కాబట్టి గుర్తు లేనంత మాత్రాన డబ్బు లేదని కాదు. అంతకంటే చాటుగా పనిచేసేది ముందస్తు ఆహ్వానం. పెద్ద సినిమాలకి స్టూడియోలు విమర్శకులకి ముందుగా సినిమా చూపించి, ఫలానా రోజు ఫలానా గంట దాకా రివ్యూ పెట్టకూడదని ఎంబార్గో పెడతాయి. చాలాసార్లు సోషల్ మీడియాలో నాలుగు ముక్కల స్పందనకి ముందు అనుమతి ఇస్తారు, పూర్తి రివ్యూకి తర్వాత. ఆ మధ్య రోజుల్లో వినపడేవన్నీ ఉత్సాహపు కేకలే. నచ్చనివాళ్లు పూర్తి రివ్యూ దాకా నోరు మెదపకుండా ఉంటారు, మళ్లీసారి పిలవరేమోనన్న మొహమాటం ఒకటి. అందుకని తొలి స్పందనల్ని నేను పోస్టర్‌తో సమానంగా చూస్తాను. పోస్టర్ మీది పొగడ్తల సంగతి చెప్పాలంటే, 2001లో సోనీ ప్రచార విభాగం అసలు లేనే లేని డేవిడ్ మానింగ్ అనే విమర్శకుణ్ణి సృష్టించి తన సినిమాల ప్రకటనల్లో మెప్పు రాయించుకున్నట్టు బయటపడింది. లేని మనిషి కాబట్టి మొహమాటం కూడా లేదు పాపం.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ జాగ్రత్తపడేలా చేసేది డబ్బు కాదు, పరిచయం. నడుస్తున్నప్పుడు, గిన్నెలు తోముకుంటున్నప్పుడు గంటల తరబడి చెవిలో వినిపించే గొంతు కొన్నాళ్లకి స్నేహితుడిది అయిపోతుంది. స్నేహితుడు చెప్పాడు కదా అని నమ్మేస్తాం. వాళ్ల జోకులు, వాళ్ల కుక్క పేరు తెలిసినంత మాత్రాన వాళ్లు సినిమా సరిగ్గా చూస్తారని కాదు. నా జాబితాలో ప్రతి సినిమా పక్కనా అది ఎవరి నోట విన్నానో, ఏ ముక్క వల్ల రాసుకున్నానో ఒక వాక్యం పెట్టుకుంటాను. “బాగుందన్నాడు” అని రాయను, “మూత లేని గిన్నె” అని రాస్తాను. అలాంటి ముక్క ఏదీ గుర్తు రాకపోతే ఆ సినిమా జాబితాలోకి ఎక్కదు, చెప్పింది ఎంత ఇష్టమైన గొంతయినా సరే.

వినే పద్ధతి కూడా దానికి తగ్గట్టే. తెలియని సినిమా మీద ఎపిసోడ్ వస్తే అలాంటి ఒక ముక్క దొరికేదాకా వింటాను, మామూలుగా పది పదిహేను నిమిషాల్లో దొరుకుతుంది. అక్కడ ఆపేస్తాను. సినిమా చూశాక మిగతాది వింటాను. మొత్తం ముందే వింటే, సినిమా చూస్తున్నంతసేపూ వాళ్ల వ్యాఖ్యలకి బొమ్మలు వెతుక్కుంటున్నట్టే ఉంటుంది. చూశాక వింటే, నేను గమనించనిది వాళ్లు ఏం గమనించారో తెలుస్తుంది, వాళ్లు తప్పు చెప్పింది కూడా తెలుస్తుంది. ఒకే గొంతు చెప్పిన ముక్కలు మూడు సినిమాల్లో వరసగా తెర మీద కనిపించకపోతే ఆ షోకి సబ్‌స్క్రిప్షన్ తీసేస్తాను. సినిమా నచ్చకపోవడం వేరు, చెప్పింది అక్కడ లేకపోవడం వేరు.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియనివాళ్లకి ఇందాకటి సైట్ అండ్ సౌండ్ పోల్ మంచి దారి. 2022లో అందులో 1,600 మందికి పైగా ఓటేశారు. తలా పది సినిమాలు. మొత్తం కలిపిన జాబితా కంటే, ఆ పత్రికని నడిపే బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో పెట్టిన ఎవరి పది వారి ఓట్లు ఆసక్తిగా ఉంటాయి. వాళ్లలో పాడ్‌కాస్టులు చేసేవాళ్లూ ఉన్నారు. ఒక పేరు తెరిచి చూడండి. ఆ పదీ మీరు చూసేసినవే అయితే ఆ మనిషి షో మీకు కొత్త సినిమాలిస్తుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు. పదిలో నాలుగైదు చూసినవి, మిగిలినవి పేరు కూడా విననివి అయితే, ఆ నాలుగైదిటి మీద ఆయనో ఆవిడో ఎక్కడ ఏం మాట్లాడారో వెతికి, వాటితో మొదలుపెట్టండి.